యాభై శాతం పుణ్యం

పాపం, భూమిని కాపాడే భారమంతా ఇప్పుడు బూట్ల కంపెనీల నెత్తిన పడింది. పెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ, లోపల పచ్చటి ట్యాగు, దాని మీద "50 శాతం రీసైకిల్డ్" అన్న ముద్ర. ఏడు వేలు పోసి కొన్న మనిషి గంగాస్నానం చేసి వస్తున్నంత పవిత్రంగా షోరూం మెట్లు దిగుతాడు. ఆ యాభై శాతం దేనిలో బాబూ అని అడిగామా, సేల్స్ కుర్రాడు మన సైజెంతో అడుగుతాడు.

ఫ్రాన్సులో ఈ ప్రశ్నను అంత తేలిగ్గా వదల్లేదు. అడిడాస్ తన స్టాన్ స్మిత్ బూట్లు "50 శాతం రీసైకిల్డ్" అని అక్కడ ప్రకటన ఇచ్చుకుంది. అది జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని ప్రకటనల నీతిని చూసే జ్యూరీ 2021లో తేల్చింది. ఆ సగం బూటు మొత్తంలో సగమా, ఏదో ఒక భాగంలో సగమా అన్నది చదివినవాడికి తెలిసే దారే లేదంది. ప్లాస్టిక్ చెత్తను అంతం చేస్తామన్నట్టు పక్కనే వేసుకున్న ముద్రకూ మొట్టికాయ పడింది.

లెక్క మనమే వేసి చూద్దాం. ఒక బూటు బరువు 400 గ్రాములనుకోండి. పాదాన్ని కప్పే పైభాగం, అంటే అప్పర్, అందులో 100 గ్రాములనుకుందాం. మిగిలినదంతా సోలు, మధ్యలో నురుగు, లోపలి అట్ట, జిగురు. ముద్రలోని సగం అప్పర్‌కే పరిమితమైతే రీసైకిల్ అయిన సరుకు 50 గ్రాములు, బూటులో ఎనిమిదో వంతు. తక్కిన ఏడు వంతులూ కొత్త సరుకే కావచ్చు. శాతం అంకె అరచేయంత, "అప్పర్‌లో మాత్రమే" అన్న మాట ఆవగింజంత. అబద్ధం ఆడలేదు సుమా, నిజాన్ని చిన్న అక్షరాల్లో అచ్చేశారంతే!

ఆ 50 గ్రాముల నూలు కూడా చాలావరకు పాత నీళ్ల సీసాలను కరిగించి తీసిందే. సీసాగా ఉండిపోతే అది మళ్లీ సీసా అయ్యే వీలుండేది. నురుగుతో, రబ్బరుతో కలిపి జిగురు పెట్టి అతికించాక దాన్ని విడదీసే నాథుడు దొరకడం కష్టం. దాని తర్వాతి మజిలీ చెత్తకుప్పే.

పైగా అసలు భారం నూలులో లేదు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2013లో ఒక పరుగు బూట్ల జత పుట్టుక నుంచి చావు దాకా లెక్కగట్టారు. దాదాపు 14 కిలోల కార్బన్ డయాక్సైడ్ తేలింది. అందులో మూడింట రెండు వంతులు తయారీ దగ్గరే, అంటే ముక్కలు కత్తిరించి, అచ్చుపోసి, వేడిచేసి అతికించే పనుల్లోనే పుట్టింది. కాబట్టి నూలు మార్చినంత మాత్రాన ఒరిగేది కొంచెమే. రెండో జత కొనే అవసరం రాకుండా చేస్తే ఒరిగేది ఎక్కువ. అది మాత్రం ఏ కంపెనీకీ గిట్టదు.

అందుకే అసలు పరీక్ష వీధి చివర చెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరే జరుగుతుంది. ఆయన బూటును తిరగేసి, ముందు భాగం వంచి, సోలు అతుకులో వేలుపెట్టి చూస్తాడు. "ఇది గమ్ము సరుకు బాబూ, మళ్లీ అతికిస్తా, ఎన్నాళ్లుంటుందో చెప్పలేను" అంటాడు. మధ్య నురుగు నలిగి అణిగిపోతే ఆ మాటా అనడు, దాన్ని మళ్లీ లేపడం ఎవరివల్లా కాదు. వెల్ట్ కుట్టు బూటు సంగతి వేరు. అందులో అప్పర్‌ను చుట్టూ ఒక తోలు పట్టీకి కుట్టి, సోలును ఆ పట్టీకి విడిగా కుడతారు. సోలు అరిగితే ఆ బయటి కుట్టు విప్పి కొత్త సోలు వేయొచ్చు, అప్పర్‌కు చీమ కుట్టినట్టైనా ఉండదు. ఇక్కడా మసిపూసి మారేడుకాయ చేసేవాళ్లున్నారు. అంచున కుట్టు కనిపిస్తే గోటితో గీకి చూడండి. దారం తగలకుండా రబ్బరులో పోసిన గాట్లే తగిలితే అది ఉత్త అలంకారం.

మన దేశంలోనూ చట్టం కళ్లు తెరిచింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణానికి మేలని చెప్పుకునేవాళ్లు ఆ మేలు వస్తువు మొత్తానిదా, ఒక భాగానిదా, తయారీదా, ప్యాకింగుదా స్పష్టంగా చెప్పాలి, ఆధారం చూపాలి. చూపకపోతే ఫిర్యాదుకు 1915 నంబరుంది.

ఫోను చేసేముందు షోరూంలోనే రెండు ప్రశ్నలు అడగండి. ఈ శాతం దేనిలో? సోలు అరిగితే కొత్త సోలు వేస్తారా, దాని ధరెంత? రెంటికీ జవాబు రాకపోతే, ఆ పెట్టె మీద పచ్చగా ఉన్నది సిరా ఒక్కటే.