మూడు వాక్యాలు

సోలై నగర్‌లో మా మేడమీద గది కిటికీ తీస్తే సముద్రపు గాలితోపాటు ఎండుచేపల వాసనా వస్తుంది. ఆ సాయంత్రం మేనకోడలు అదేమీ పట్టించుకోకుండా ల్యాప్‌టాప్‌లో తలదూర్చి కూర్చుంది. కంపెనీ వాళ్లు మెయిల్‌లో అడిగారట: పద్నాలుగు నెలలు ఏం చేశారు? పీఎఫ్ సర్వీస్ హిస్టరీ కూడా జతచేయండి.

"ఫ్రీలాన్సింగ్ చేశానని రాసెయ్యనా మావయ్యా?"

నేను ముప్ఫై ఏళ్లు అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. "రాయి. రేపు ఇన్వాయిస్‌లు అడుగుతారు, బ్యాంకులో డబ్బు పడింది చూపించమంటారు. ఏం చూపిస్తావ్?" అన్నాను.

దాంతో నిజమే రాసింది. పేజీన్నర వచ్చింది. యానాంలో మా బావకు పక్షవాతం వచ్చిన రాత్రి, అంబులెన్సు, కాకినాడలో డాక్టరు అన్న మాట, చివర్న రెండు క్షమాపణలు. స్కానింగ్ రిపోర్టు కూడా జతచేయబోయింది.

"మీ నాన్న జబ్బు చరిత్ర వాళ్లకెందుకే? వాళ్లకి కావలసింది మూడు. ఎప్పట్నించి ఎప్పటిదాకా, ఎందుకు, ఇప్పుడు ఆ కారణం తీరిందా లేదా. ఆ మూడోది రాయకపోతే మళ్లీ సెలవు పెడుతుందేమోనని భయపడతారు. క్షమాపణ మాత్రం వద్దు, తప్పు చేసినట్టుంటుంది."

కొట్టేసి, కొట్టేసి ఇంతకు తెచ్చాం:

"2023 సెప్టెంబర్ నుంచి 2024 అక్టోబర్ వరకు ఉద్యోగం చేయలేదు. పక్షవాతం వచ్చిన నాన్నగారిని యానాంలో ఉండి చూసుకున్నాను. ఆయన ఇప్పుడు తన పనులు తాను చేసుకుంటున్నారు, నేను వెంటనే చేరగలను."

సర్వీస్ హిస్టరీ జతచేసి పంపింది. నేను కాఫీ పెట్టించుకుని, నిజం ఎంత పొట్టిగా ఉంటుందో, అబద్ధానికి ఎన్ని కాగితాలు కావాలో, చేరిన తేదీ, మానిన తేదీ పీఎఫ్‌లో ఎలా రాయిమీద చెక్కినట్టు ఉండిపోతాయో వివరంగా చెప్పాను. పిల్ల శ్రద్ధగానే వింది.

కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు జవాబొచ్చింది. పైకి చదివింది.

"సూటిగా చెప్పినందుకు ధన్యవాదాలు. ఆ పద్నాలుగు నెలల గురించి మాకు అభ్యంతరం లేదు. ఒక్క సందేహం. మీ మొదటి ఉద్యోగం 2020 జులై వరకు చేసినట్టు రెజ్యూమేలో ఉంది. పీఎఫ్‌లో మానిన తేదీ 2020 మార్చి. ఈ నాలుగు నెలల గురించి దయచేసి రాయగలరు."

లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయి ఏడుస్తుంటే, ఇదే బల్ల దగ్గర కూర్చుని ఆ రెజ్యూమే టైపు చేసిపెట్టింది నేను. "నాలుగు నెలలేగా, ఎవడు చూస్తాడే" అన్నదీ నేనే.

అది ల్యాప్‌టాప్‌ను మెల్లిగా నా వైపు తిప్పింది.

"దీనికీ మూడు వాక్యాలేనా, మావయ్యా?"