సీసాలో సీసం

మన దేశంలో అన్నిటికంటే సులువుగా దొరికే ధ్రువపత్రం ఆకుపచ్చ రంగు. డబ్బా మీద ఒక తులసి కొమ్మ, కల్వంలో మూలికలు నూరుతున్న ఒక గడ్డపు ఋషి, కింద ‘నూరు శాతం సహజం, దుష్ఫలితాలు లేవు’ అన్న ముక్క ఉంటే చాలు, ఇక ప్రయోగశాలతో పనిలేదు. ఋషిగారే పూచీ. ఆ ముక్క రాసినవాడు అబద్ధమాడాడని కూడా అనలేం. సీసం సహజమే, పాదరసం సహజమే, పాషాణమూ భూమాత ప్రసాదమే. వీటిని ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టించలేదు. సహజమైనది సురక్షితం కావాలని డబ్బా మీద ఎక్కడా రాసి లేదు. అది మనమే కలుపుకుని చదువుకున్నాం.

ఆ డబ్బాల్లో ఏముందో చూద్దామని రాబర్ట్ సేపర్ అనే వైద్యుడూ ఆయన బృందమూ అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ల కిరాణా కొట్లలో 70 రకాల ఆయుర్వేద మందులు కొని పరీక్ష చేయించారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో కనిపించింది. అంటే ఐదింట ఒకటి. వెంటనే మనకు తెలిసిన సమాధానం వచ్చేసింది: ఇది మన విద్య మీద విదేశీ కుట్ర. అదే బృందం ఈసారి ఇంటర్నెట్‌లో అమ్మే 193 మందులు తెప్పించి 2008లో మళ్లీ అచ్చువేసింది. మళ్లీ ఐదింట ఒకటే. చిత్రమేమిటంటే భారతదేశంలో తయారైనవాటికీ అమెరికాలో తయారైనవాటికీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కుట్ర చేసినవాళ్లు తమ సరుకును కూడా వదల్లేదన్నమాట. ఇంకా చిత్రం, లోహాలు దొరికిన మందుల్లో నాలుగింట మూడు వంతులు ‘ఉత్తమ తయారీ పద్ధతులు’ పాటించామని చాటుకున్నవే. లోహాలు కావాలనే కలిపే రసౌషధాల్లో నూటికి 40కి వాటి జాడ దొరికితే, ఉత్త మూలికలే అని చెప్పుకున్నవాటిలో కూడా నూటికి 17కి దొరికింది. నేల నుంచి మొక్క పీల్చుకున్నది కొంత, తయారీలో చేరేది కొంత, చీటీ మీద చెప్పకుండా కలిపేది కొంత.

అవి వట్టి పరీక్ష నాళికల లెక్కలని కొట్టిపారేసేవారి కోసం న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల సంగతి. 2011, 2012ల్లో అక్కడి ఆరోగ్య శాఖ వారి రక్తంలో సీసం ఎక్కువగా ఉందని గుర్తించి, ఎక్కడినుంచి వచ్చిందని ఆరా తీసింది. అందరూ వాడుతున్నవి భారతదేశం నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు. వాటిలో కొన్నింటిలో సీసం 2.4 శాతం దాకా ఉంది. ఆ శాతాన్ని మాత్రలోకి దించి చూడండి. మాత్ర పావు గ్రాము అనుకుంటే అందులో సీసం 6 మిల్లీగ్రాములు, అంటే 6,000 మైక్రోగ్రాములు. మందుల పరిశ్రమ అంతర్జాతీయంగా పాటించే ఐసీహెచ్ మార్గదర్శకాల ప్రకారం నోటి ద్వారా తీసుకునే ఏ మందైనా రోజుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం అందించకూడదు. మూడేళ్లకు పైగా సరిపడే కోటా ఒక్క మాత్రలో, మంచినీళ్లతో సహా, గుటుక్కున దిగిపోతుంది. తల్లి రక్తంలో చేరిన సీసానికి మాయ అడ్డు కాదు. బిడ్డ మెదడుకు ఆ ‘బలం’ నేరుగా అందుతుంది. బలం అంటే గుర్తొచ్చింది. ‘రక్తం పట్టడానికి’ వాడే టానిక్కుల ముచ్చట కూడా ఇదే. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీలో పనిచేసే ఎంజైములను సీసం అడ్డుకుంటుంది. కాబట్టి సీసమున్న టానిక్కు తాగే మనిషి క్రమంగా పాలిపోతాడు, నీరసిస్తాడు, కడుపునొప్పీ మలబద్ధకమూ తెచ్చుకుంటాడు. వాటికి మందు మళ్లీ ఆ సీసాలోనే ఉంటుంది. ఇంతకన్నా నమ్మకమైన ఖాతాదారును ఏ వ్యాపారమూ సంపాదించలేదు.

ఇక్కడ పండితులు అడ్డం పడతారు. ‘మీరు చూసింది అశుద్ధ లోహం. శోధన, మారణం చేసి, పిడకల మంటలో పుటాలు పెట్టాక సీసం సీసంగా ఉండదు’ అంటారు. వినడానికి బాగుంటుంది. పుటం పెడితే లోహం రూపం మారుతుందన్నది నిజమే. విడి లోహం పోయి సల్ఫైడో ఆక్సైడో అవుతుంది, మెత్తని పొడి అవుతుంది. భస్మం నీటి మీద తేలితే వారితరం, వేలి గీతల్లో ఇమిడితే రేఖాపూర్ణం, వెండితో కలిపి కాల్చినా వెండి బరువు పెరగకపోతే నిరుత్థం అని పెద్దలు పెట్టిన పరీక్షలు తెలివైనవే. అవి చెప్పేది పొడి ఎంత మెత్తగా ఉందో, విడి లోహం మిగిలిందో లేదో. ఆ పొడిలో సీసం ఎంతుందో ఒక్క పరీక్షా చెప్పదు. సీసం మూలకం. పిడకల మంట కాదు కదా, ఉక్కు కొలిమి కూడా దాన్ని మరొకటిగా మార్చలేదు. పాదరసం విషయంలో పండితులకు కొంత దక్కాలి. గంధకంతో కలిసి సల్ఫైడుగా మారిన పాదరసం పేగుల్లో చాలా తక్కువగా కరుగుతుంది, తయారీ సరిగా జరిగి విడి పాదరసం మిగలకపోతేనే అనుకోండి. సీసానికి ఆ మినహాయింపు లేదు. న్యూయార్క్ గర్భిణుల శరీరాలకు ‘ఇది శుద్ధి చేసిన సీసం’ అని ఎవరూ చెప్పినట్టు లేదు. అవి దాన్ని మామూలు సీసంగానే రక్తంలోకి తీసుకున్నాయి.

తర్వాతి వాదం, వేల ఏళ్లుగా వాడుతున్నాం, ఏమైనా అయితే తెలియదా అని. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టుంది ఇది. మందు వేసుకున్న పూటే వాంతయితే ఏ వైద్యుడైనా కనిపెడతాడు. సీసం అలాంటి మొరటు పని చేయదు. కాల్షియం వేషం కట్టి ఎముకల్లో చేరి దశాబ్దాలు కూర్చుంటుంది. పిల్లవాడి తెలివి కొంచెం తగ్గడాన్ని, పదేళ్ల తర్వాత పెరిగిన రక్తపోటును, ఫలానా సంవత్సరం తిన్న లేహ్యంతో ముడిపెట్టడానికి రక్తంలో సీసాన్ని కొలిచే యంత్రం కావాలి. అది చరకుడి దగ్గర లేదు. లేకపోవడం ఆయన తప్పు కాదు. ఉన్నా వాడకపోవడం ఎవరి తప్పో వేరే చెప్పాలా? ‘ఇంగ్లీషు మందుల్లో విషాలు లేవా’ అనేది ఇంకో ప్రశ్న. ఉన్నాయి. ఒకరకం రక్త కేన్సర్‌కు ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ఇస్తారు. మిల్లీగ్రాముల్లో కొలిచి, నరానికి ఎక్కించి, గుండె లయను ఈసీజీలో చూసుకుంటూ ఇస్తారు. దాన్ని ‘ఇంటిల్లిపాదికీ, రోజుకు రెండు చెంచాలు’ అని టీవీలో అమ్మరు.

ఆయుర్వేదమే వద్దనడం ఈ వాదం కాదు. పరీక్షించినదాన్ని పరీక్షించనిదాన్నుంచి వేరు చేయడం చేతనైతే చాలు. మొదటి జల్లెడ డబ్బా వెనుక వైపు, చిన్న అక్షరాల్లో ఉంటుంది. పదార్థాల పట్టికలో నాగ భస్మం ఉంటే అది సీసం. పారదం, కజ్జలి, రససిందూరం, హింగుళం, ఇంగిలీకం, మకరధ్వజం ఇవన్నీ పాదరసం సంతానం. హరితాళం, మనశ్శిల ఆర్సెనిక్. లోహ భస్మం, మండూరం ఇనుము కాబట్టి ఆ జాబితాలో చేరవు. పేరు చూసి మోసపోయే అవకాశమూ ఉంది. మామూలుగా దొరికే యోగరాజ గుగ్గులులో మూలికలే ఉంటే, మహాయోగరాజ గుగ్గులులో నాగ భస్మమూ రససిందూరమూ ఉంటాయి. ‘మహా’కు అదనంగా చెల్లించే ధర అందుకే. గర్భాన్ని కాపాడతానని పేరులోనే మాటిచ్చే గర్భపాల రసంలో నాగ భస్మం, హింగుళం రెండూ ఉన్నాయి. ఇలాంటి విష ద్రవ్యాలున్న మందుల చీటీ మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలని మన ఔషధ నిబంధనలే చెబుతున్నాయి. చీటీయే లేని పొట్లం సంగతి ఇక అడగొద్దు. దానిలో ఏముందో కట్టినవారికే తెలియాలి, కొన్నిసార్లు వారికీ తెలియదు.

మూలికలే ఉన్న మందుకు రెండో జల్లెడ పరీక్షా పత్రం. దీని వెనుక ఒక వింత ఉంది. బోస్టన్ గొడవ తర్వాత మన ప్రభుత్వం మూలికా మందులకు లోహ పరీక్షలను 2006 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది, ముందుగా ఎగుమతి సరుకుకు. అతిథి దేవో భవ. సీసం 10 పీపీఎం, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 అని హద్దులు పెట్టారు. ‘భారలోహాలు అనుమతించిన పరిమితుల్లోనే ఉన్నాయి’ అని డబ్బా మీద రాయమన్నారు. ఈ వాక్యం చూసి ఊపిరి పీల్చుకునే ముందు ఒక చిన్న గుణకారం చేయాలి. 10 పీపీఎం అంటే గ్రాముకు 10 మైక్రోగ్రాములు. చూర్ణం రోజుకు 3 గ్రాములు తింటే హద్దు దగ్గర ఉన్న సరుకులోంచి వచ్చే సీసం 30 మైక్రోగ్రాములు. లేహ్యం పొద్దున సాయంత్రం కలిపి 20 గ్రాములు తింటే 200. ఐసీహెచ్ చెప్పిన 5కు ఇది 40 రెట్లు, అయినా డబ్బా మీది వాక్యం అక్షరాలా నిజం. అన్ని సరుకులూ హద్దును ఆనుకుని ఉండవు, చాలా తక్కువగా ఉండేవీ ఉంటాయి. అవి ఏవో తెలియాలంటే వాక్యం సరిపోదు, అంకె కావాలి. లేహ్యంలో సీసం 0.2 పీపీఎం అని తేలితే 20 గ్రాములకు 4 మైక్రోగ్రాములు, అప్పుడు తినొచ్చు.

కాబట్టి కంపెనీకి రాసి అడగాల్సింది ఒకటే: నా డబ్బా మీదున్న బ్యాచ్ నంబరుకు లోహాల పరీక్షా పత్రం పంపండి. వచ్చిన జవాబును బట్టి కంపెనీ ఏపాటిదో తెలుస్తుంది. ‘మా ఉత్పత్తులన్నీ ప్రాచీన గ్రంథాల ప్రకారం’ అని వస్తే పరీక్ష లేదని అర్థం. పత్రం వచ్చి అందులో నాలుగు లోహాల ఎదురుగా ‘సరిపోయింది’ అని మాత్రమే ఉంటే సగం పరీక్ష. ‘కనబడలేదు’ అని రాసి, ఎంత తక్కువ దాకా ఆ యంత్రం చూడగలదో రాయకపోతే అది కళ్లజోడు తీసేసి వెతికినట్టు. బ్యాచ్ నంబరు మీ డబ్బాదే అయి ఉండాలి. పరీక్షించింది తయారైన మందునా లేక ముడి మూలికనా అన్నది చూడాలి. ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉండాలి, ఆ గుర్తింపు ఈ లోహ పరీక్షకు కూడా వర్తించాలి. పత్రం అడుగున ‘నమూనా ఖాతాదారు ఇచ్చినది’ అని ఉంటే ఆ ఫలితం ఆ నమూనాకే పరిమితం, నమూనాను కంపెనీ ఎలా ఎంచిందో ప్రయోగశాలకు తెలియదు. అందుకే బయటివారు తనిఖీ చేసి ఇచ్చే ఆయుష్ ప్రీమియం మార్కు లాంటి ముద్రకు కంపెనీ సొంత పత్రం కన్నా విలువెక్కువ. ముద్ర ఉన్నా పై గుణకారం మాత్రం తప్పదు.

ఇప్పటికే నెలల తరబడి ఏదో భస్మమో పేరులేని పొట్లమో వాడినవారు, ముఖ్యంగా గర్భం దాల్చాలనుకుంటున్నవారు, మందు ఆపి రక్తంలో సీసం ఎంతుందో చూపించుకోవాలి. మామూలు ‘ఫుల్ బాడీ చెకప్’లో ఈ పరీక్ష సాధారణంగా ఉండదు, ‘బ్లడ్ లెడ్’ అని పేరు పెట్టి అడగాలి, నరం నుంచి తీసిన రక్తంతో చేయించాలి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కడినుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. న్యూయార్క్ గర్భిణుల్లో అది 16 నుంచి 64 దాకా ఉంది. మిగిలిన మాత్రలను కోపంతో పారేయకుండా, డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వాటిని పరీక్షిస్తేనే సీసం ఆ మందులోంచి వచ్చిందో, ఇంటి పాత రంగులోంచి వచ్చిందో తేలుతుంది.