నాదొక చిన్న సందేహం

మిరప చేలో పురుగు కనపడగానే రైతు పంపు భుజానికెత్తుకుంటాడు. సదస్సులో తన ఫలితానికి అడ్డం తిరిగిన స్లైడు కనపడగానే పరిశోధకుడు మైకు కోసం చెయ్యెత్తుతాడు. తొందరపడితే ఇద్దరికీ జరిగేది ఒకటే: పురుగు బతికిపోతుంది, మిత్రపురుగులు చస్తాయి.

నేను మిరప పురుగుల మీద పనిచేసేవాణ్ణి. సొంతూరు చిలకలూరిపేట. అందుకని ఈ రెండు రకాల తొందరపాటూ దగ్గరనుంచి చూశాను.

2021 చివర్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల్లో పూత రాలిపోవడం మొదలైంది. కారణం నల్ల తామర పురుగు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆ పేరు నోరు తిరిగేలోపు పురుగు పక్క చేలోకి వెళ్లిపోయేది. మన దేశంలో ఇది మొదట నమోదైంది 2015లో, బెంగళూరు దగ్గర బొప్పాయి మీద. మన మిరపకు ఎప్పటినుంచో చుట్టమైన పాత తామర పురుగు లేత ఆకుల మీద పడుతుంది, ఆకులు పడవలా పైకి ముడుచుకుంటాయి. ఈ కొత్తది ఏకంగా పూలలోనే కాపురం పెట్టింది. పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులిపితే మిల్లీమీటరు పొడవున్న నల్లటి నలుసులు గబగబా పరుగులు తీస్తాయి. అవి కాగితం అంచు దాటేలోపు లెక్క పెట్టాలి. లెక్క తప్పితే మళ్లీ ఇంకో పువ్వు.

ఆ మరుసటి ఏడాది నుంచీ ఈ పురుగు మీద పనిచేయనివాడు లేడు. అందరి దగ్గరా ఒక మందు, ఒక శాతం. ఇక సదస్సులు రాక మానుతాయా?

మన సదస్సుల సంగతి మీకు తెలిసిందే. జ్యోతి ప్రజ్వలనకు కొవ్వొత్తి వెలగదు. వేదిక మీదివాళ్లకు శాలువాలు కప్పాక, కప్పినవాళ్లకు కూడా కప్పాలని ఎవరికో తోస్తుంది. ముఖ్య అతిథి తనకు ఈ విషయం తెలియదని ముప్పావుగంట వివరిస్తారు. ఆ కోత అంతా వచ్చి పడేది పరిశోధన పత్రాల మీద. పది నిమిషాలు ఆరవుతాయి, ప్రశ్నలకు రెండు మిగులుతాయి.

అలాంటి ఒక సదస్సులో ఒక యువ పరిశోధకురాలు స్లైడు వేసింది. నేను పరీక్షించిన మందే. మోతాదు కూడా అదే. కొట్టిన మూడో రోజుకు పువ్వుల్లో పురుగు 70 శాతం తగ్గిందని తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఉంది. మా ఊరి పక్క చేలల్లో నాకు తగ్గింది 50 శాతం. ఎన్నిసార్లు కూడినా యాభయ్యే.

నా పక్క కుర్చీలోని మిత్రుడు మోచేత్తో పొడిచాడు. "వదలొద్దు" అన్నాడు. ఇలాంటి మిత్రులు ప్రతి సదస్సులోనూ పక్క కుర్చీలోనే ఉంటారు. వాళ్లు మాత్రం ఎన్నడూ చెయ్యెత్తరు.

నాకంటే ముందు ముగ్గురు లేచారు. మొదటాయన "ఇది ప్రశ్న కాదు, చిన్న వ్యాఖ్య" అని మొదలుపెట్టాడు. అంతవరకు నిజమే చెప్పాడు, అది ప్రశ్న కాదు. చిన్నది మాత్రం కాదు. తన ఉద్యోగ జీవితం మొదటినుంచీ చెప్పుకొస్తూ పదవీ విరమణ దాకా వచ్చాక అధ్యక్షులు గంట కొట్టారు. అవధానంలో అప్రస్తుత ప్రసంగి ఒక్కడే ఉంటాడు, ఆయన్ని ఏరికోరి పెట్టుకుంటారు. మనకు ఆ బాధ లేదు, స్వచ్ఛందంగా వస్తారు.

రెండో ఆయన పొగడ్తతో ఎత్తుకున్నాడు. "అద్భుతం, అమోఘం, అమ్మాయి ఎంతో కష్టపడింది" అన్నాడు. హాలంతా బిగుసుకుంది. మనవాళ్లు అంతలా పొగిడారంటే వెనకాల కత్తి నూరుతున్నారనే. అనుకున్నట్టే "అయితే" వచ్చింది. ఆ తర్వాత వచ్చిందల్లా ఆమె గైడుగారి మీద ఆయనకున్న పాత కోపం. ఆ అమ్మాయి దేనికి జవాబు చెప్పాలో తెలియక "థాంక్యూ సార్" అంది.

మూడో ఆయన నేరుగా "మాకు ఇలా రాలేదు. మీది ఎలా నమ్మమంటారు?" అన్నాడు. గట్టి ప్రశ్నలాగే ఉంది. కానీ జవాబు ఏం చెప్పగలరు? "నమ్మండి సార్" అనాలి, లేకపోతే ఏడవాలి. పరిశోధకుడి నోటుపుస్తకంలో నమ్మకం అనే గడి ఉండదు. తేదీ, మడి, మొక్క, పువ్వు, పురుగుల సంఖ్య ఉంటాయి. వాటిలో ఉన్నది అడిగితేనే జవాబు వస్తుంది.

ఈ సంగతి నాకు ఏ విశ్వవిద్యాలయమూ నేర్పలేదు. చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టు ముందు సాయంత్రంపూట నిలబడితే వచ్చేస్తుంది. ఒక రైతు ఫలానా మందు దివ్యంగా పనిచేసిందంటాడు. ఇంకొకాయనకు అదే మందు నీళ్లతో సమానం. ఫలితాలు పూర్తిగా విరుద్ధం, అధ్యక్షులూ లేరు, గంటా లేదు. అయినా ఎవరూ "నీది తప్పు" అనరు. "ఏ పూట కొట్టావ్ బావా?" అంటాడొకడు. "ఎకరానికి ఎన్ని ట్యాంకులు?" అంటాడు ఇంకొకడు. "పూత మీదా, అంతకుముందా? కొట్టాక వాన పడిందా?" ఈ నాలుగూ తేలేసరికి ఇద్దరి మాటా నిజమేనని బయటపడుతుంది. ఒకాయన పొద్దున్నే కొట్టాడు, ఇంకొకాయన కొట్టిన గంటకే వాన దంచింది. బావ పరువు పోలేదు, సంగతి తేలింది. కొట్టు యజమాని మాత్రం కాస్త నిరుత్సాహపడతాడు.

మైకు నాదాకా వచ్చేసరికి అధ్యక్షులు చేతి గడియారం చూపించి, "భోజనాలు చల్లారుతున్నాయి" అన్నారు. ఒకే ఒక్క ప్రశ్నకు చోటుంది. అడగాలనుకున్నవి మూడున్నాయి: లెక్క తీసింది పువ్వులోనా ఆకులోనా, ఏ వేళ తీశారు, మందు కొట్టని మళ్లలో ఏం జరిగింది. మొదటిదానికి జవాబు స్లైడు మీదే ఉంది. తెర మీద కనపడేదాన్ని మళ్లీ అడగడం అంటే, నువ్వు చెబుతుండగా నేను నిద్రపోయానని మర్యాదగా ఒప్పుకోవడం. మిగతా రెండింటిలో ఏ జవాబుతో నా అంకె, ఆమె అంకె ఒకదాన్నొకటి చూసుకుంటాయో అది ఎంచుకున్నాను.

ఇక్కడ కూడా రెండు దారులున్నాయి. "మీరు కంట్రోలు మళ్లు పెట్టినట్టు లేదే?" అనొచ్చు. అందులో జవాబు కన్నా తీర్పు ముందే ఉంది. అందుకని ఇలా అడిగాను: "అమ్మా, ఇదే మందుకు మాకు చిలకలూరిపేట దగ్గర సగమే తగ్గింది. మీకు మూడో రోజున, మందు కొట్టని మళ్లలో పువ్వుకు ఎన్ని పురుగులున్నాయి?"

నా ఫలితం ఒక్క వాక్యంలో చెప్పాను. దాచి అడిగితే అది ఉచ్చవుతుంది, సాగదీస్తే మొదటాయన వ్యాఖ్యవుతుంది. అడిగింది ఒక అంకె. ఆమె ఫైలు తిప్పి, పది సెకన్లలో పట్టేసింది. "మందు కొట్టకముందు అన్నిట్లో పువ్వుకు సగటున పది సార్. మూడో రోజున కొట్టిన మళ్లలో మూడు, కొట్టనివాటిలో ఆరు. రెండో రోజు పెద్ద వాన పడింది" అంది.

హాల్లో లెక్కలొచ్చినవాళ్లు కొందరు తలలెత్తారు. పది నుంచి మూడుకు వస్తే 70 శాతం తగ్గుదలే, ఆమె రాసింది నిజం. కానీ మందు కొట్టకపోయినా వాన దెబ్బకు పది కాస్తా ఆరయ్యేవే. మందు లేకుండా ఆరు మిగలాల్సిన చోట మందుతో మూడు మిగిలాయి. అంటే మందు ప్రతాపం సగం, సరిగ్గా 50 శాతం. ఇలా మందు కొట్టని మడిలో వచ్చిన మార్పును కూడా కలుపుకుని లెక్కగట్టే సూత్రాన్ని హెండర్సన్, టిల్టన్ అనే ఇద్దరు 1955లోనే ఇచ్చారు. మా చేలల్లో ఆ వారం చినుకు లేదు. మందు కొట్టని మళ్లలో పురుగు ఎన్నున్నవి అన్నే ఉన్నాయి, అందుకే సూత్రం వాడినా వాడకపోయినా నాకు యాభయ్యే వచ్చింది. పొద్దుటినుంచి పోట్లాడుకుంటాయేమో అనుకున్న రెండు ఫలితాలూ ఒకే ఫలితం. నా పక్క మిత్రుడి ముఖం చూడాలి. టికెట్ కొన్న కుస్తీ రద్దయింది.

ఆమె అక్కడితో ఊరుకోలేదు. "సార్, మీరు పువ్వులు దులిపి లెక్కేశారా, ఆకు అడుగున పిల్ల పురుగుల్ని కూడా చూశారా?" అని అడిగింది. నాది పువ్వుల లెక్కే. పెద్ద పురుగులు పువ్వుల్లో గుమిగూడతాయి, పిల్ల పురుగులు ఆకుల అడుగున కూడా ఉంటాయి. గుడ్లు మొక్క కణజాలంలోపల, కోశస్థ దశ ఎక్కువగా నేల పైపొరలో. పువ్వులో పురుగు సగమైందంటే చేలో సగమైందని కాదు. ఈసారి పది సెకన్లలో జవాబివ్వాల్సింది నేను. "పువ్వులే అమ్మా" అన్నాను. ఇద్దరి లెక్కా పువ్వు వరకే చెల్లుతుందని రాసుకోవాలని ఒప్పుకున్నాం. నాకు పరువు నష్టమేమీ కలగలేదు. అడిగింది నోటుపుస్తకంలోని విషయం, నా పుట్టుపూర్వోత్తరాలు కాదు.

అధ్యక్షులు ముగిస్తున్నామని లేవబోతుంటే, వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. మా వైపు రైతే. ఉత్తమ రైతు సన్మానానికి పిలిచారు, పొద్దుట కప్పిన శాలువా ఇంకా భుజం మీదే ఉంది. మైకు అక్కర్లేని గొంతు.

"అమ్మాయీ, నాకు చదువు లేదు గానీ వేళ్లున్నాయి" అని చేయి ముందుకు చాపాడు. "పదిట్లో మూడు మిగిలినయ్యంటివి. పోయినవి ఏడు. కొట్టని మళ్లో వానకే నాలుగు పోయినయ్. అంటే మందుకు పోయింది మూడే గదా?"

"అవునండీ" అంది ఆమె.

"వాన నాలుగు, మందు మూడు" అంటూ ఆయన వేళ్లు ముడిచాడు. "మందు డబ్బా బిల్లు నా జేబులో ఉంది. వానది ఎవరికి కట్టాలి?"

హాలంతా నవ్వింది, అధ్యక్షులతో సహా. ఆమె నవ్వుతూనే స్లైడు మీద 70 పక్కన వాన పడిన తేదీ, మందు కొట్టని మడి అంకె రాసుకుంది. నేను నా కాగితాల్లో "పువ్వులు మాత్రమే" అని రాసుకున్నాను. పెద్దాయన జవాబు కోసం ఇంకా నిలబడే ఉన్నాడు. ఎవరి ఫలితమూ తప్పనకుండా, ఎవరి గైడునూ తిట్టకుండా ఆయన అడిగిన ఆ లెక్కకు జవాబు మా ఇద్దరి పత్రాల్లోనూ లేదు. ఎకరానికి మందు ఖర్చెంత, అది కాపాడిన మిరపకాయ ధరెంత అన్నదాకా మేమెవరమూ వెళ్లలేదు. అది వచ్చే ఏడాది పత్రమవుతుందని ఆమె అంటే, "అప్పుడూ నన్నే పిలవండి, ఇంకో శాలువా వస్తుంది" అని ఆయన భోజనాల వైపు దారి తీశాడు.