నలభై ఒక్క వేల మంది చూశారు, ఒక్కడు కొన్నాడు

బళ్లారిలో కాలాలు రెండే అంటారు: ఎండాకాలం, ముదురు ఎండాకాలం. అలాంటి ఊళ్ళో జనం కూర్చుని దేశానికంతా మందపాటి జీన్స్ ప్యాంట్లు కుడుతుంటారు. ఏ సందులోకి పోయినా కుట్టుమిషన్ల మోత, వాషింగ్‌కి పోయే నీలం మూటలు. మా తోడల్లుడు ఈ ఊళ్ళోనే పది మిషన్లు పెట్టుకుని జీన్స్ కుట్టిస్తాడు. కుట్టించడం ఆయన పని. అమ్మడం కొన్నాళ్ల క్రితం ఆయన కొడుకు చేతికి, అంటే వాడి ఫోన్‌లోని ఇన్‌స్టాగ్రామ్‌కి వెళ్లింది. లెక్క మాత్రం మా వదిన దగ్గరే ఉంది. ఈ మూడు శాఖల మధ్య సఖ్యత ఎంతంటే, వాటిని కలిపి కూర్చోబెట్టడానికి నాలాంటి పనిలేని చుట్టం ఒకడు కావలసి వచ్చాడు.

ఆ కొడుకు తీసిన ఒక రీల్ ఊళ్ళో కలకలం రేపింది. ఇద్దరు స్నేహితులు జీన్స్ వేసుకుని కోట గుట్ట ముందర ఎగురుతారు, అంతే. బళ్లారి రాఘవ పుట్టించిన నాటకాల ఆసక్తి ఇంకా ఊళ్ళో మిగిలి ఉంది కాబోలు, వేషం కట్టి ఎగిరితే ఇక్కడ ఎవరైనా చూస్తారు. ఆ రీల్‌కి నలభై ఒక్క వేల రీచ్ వచ్చింది. ఆ సాయంత్రం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. బజ్జీల డబ్బు ఇచ్చింది వదిన. ఆమె బజ్జీ తింటూ ఒక్క మాట అడిగింది.

"ఎన్ని ప్యాంట్లు పోయినాయి రా?"

"అమ్మా, రీచ్ నలభై వేలు దాటింది."

"ఆ నలభై వేలు ప్యాంటు లేకుండా తిరుగుతాండారా?"

అక్కడ నుంచి మొదలైంది మా ఆదివారం లెక్క.

రీచ్ అంటే ఆ పోస్టు ఎంతమంది కంటపడిందో చెప్పే అంకె. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే వ్యూస్ మూడు, రీచ్ ఒక్కటే. ఇది వ్యాపార ఖాతాగా మార్చుకున్న ఇన్‌స్టాగ్రామ్‌లో, ఇన్‌సైట్స్ అనే చోట ఉంటుంది. సేవ్ అంటే తర్వాత చూద్దామని ఎవరో దాచుకున్నారని అర్థం. దాచుకున్న మనిషి పేరు మాత్రం మనకు తెలియదు, సంఖ్య ఒక్కటే తెలుస్తుంది. ఇంతవరకు ఫోన్ చెప్తుంది. అమ్మకం మాత్రం ఫోన్‌కి తెలియదు, ఎందుకంటే మావాళ్ల బేరమంతా వాట్సాప్‌లో తెగుతుంది. ఎవడో వచ్చి "అన్నా, ప్యాంటు ఎంత?" అంటాడు. ఏ పోస్టు చూసి వచ్చాడో దేవుడికెరుక.

అందుకని మేం చేసిన పని ఒక్కటే, ఒక్కో పోస్టుకు ఒక్కో గుర్తు పెట్టడం. వాట్సాప్‌లో దానికో సులువైన లింకు ఉంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=B2
```

X లు ఉన్నచోట సొంత నంబరు రాసుకోవాలి. దేశం కోడ్‌కి ముందు ప్లస్ గుర్తు ఉండకూడదు, నంబరు ముందు సున్నా ఉండకూడదు. ఉంటే లింకు పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ఈ లింకు నొక్కినవాడికి వాట్సాప్ తెరుచుకుని, టైపు చేసే చోట B2 అని ముందే పడి ఉంటుంది. వాడు పంపడమే తరువాయి. మావాడు మొదట ఈ లింకును పోస్టు కింది రాతలో అతికించి, క్లిక్‌లు రాలేదని బెంగపడ్డాడు. అక్కడ లింకు వట్టి అక్షరాలే, నొక్కినా కదలదు. స్టోరీలో లింకు స్టికరుగా పెట్టాలి, లేదా ప్రొఫైల్‌లో పెట్టాలి. పోస్టు రాతలోనైతే "B2 అని వాట్సాప్ చేయండి" అని రాస్తే చాలు. జనం రాస్తారు. కొందరు "బీటూ" అని తెలుగులోనూ రాస్తారు, కన్నడంలోనూ రాస్తారు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి, బళ్లారి మైసూరుకు పోయినా ప్యాంటు కొనేవాళ్లు ఆ గీతను పట్టించుకోవడం లేదు. వదినకు మాత్రం అన్ని లిపులూ ఒకటే.

ఆదివారం సాయంత్రం మిషన్లు ఆగాక లెక్క. పొడుగాటి ఖాతా పుస్తకం తీసి, వారం నిండిన పోస్టులనే రాస్తాం. నిన్న పెట్టినదాన్ని తూచకూడదు. దాచుకున్నవాళ్లు జీతం వచ్చాకో, పండగ దగ్గరపడ్డాకో తిరిగి వస్తారు. ఒక్కో వరుసలో పోస్టు గుర్తు, రీచ్, సేవ్, ఆ గుర్తుతో వచ్చిన మెసేజులు, ఆర్డర్లు, తిరిగొచ్చిన పార్సెళ్లు, చివర మిగిలిన డబ్బు. చివరి రెండు గళ్లూ వదిన చేర్చినవి. వాటిని నింపడానికి ఇంకో పక్షం ఆగాలి, ఎందుకంటే క్యాష్ ఆన్ డెలివరీ అంటే ఆర్డరు ఇచ్చినవాడు తలుపు తీసేదాకా నమ్మకం లేదు.

ఒక దసరా ముందు లెక్క చెప్తాను. ఎగిరే రీల్‌కి తర్వాత పెట్టిన గుర్తు B1. రీచ్ నలభై ఒక్క వేలు, అందులో కొంత పదిహేను వందల రూపాయలు పెట్టి బూస్ట్ చేయించుకున్నది. సేవ్‌లు 63, మెసేజులు 38, ఆర్డర్లు నాలుగు, తిరిగొచ్చినవి మూడు. నిలబడిన అమ్మకం ఒక్కటి.

B2 పోస్టులో మనుషులు లేరు. పాత ప్యాంటును బల్లమీద పరిచి, నడుము దగ్గర టేపు అడ్డంగా పెట్టి తీసిన ఫోటో. కింద ఏ కొలతకు ఏ సైజు అన్న పట్టిక. దీనికి రీచ్ 1,900. బజ్జీలు రాలేదు. కానీ సేవ్‌లు 142, మెసేజులు 51, ఆర్డర్లు 19, తిరిగొచ్చినవి రెండే. జీన్స్ ఎక్కువగా తిరిగొచ్చేది సైజు కుదరక, కాబట్టి టేపు పెట్టినచోట రెండు పనులయ్యాయి: కొనడానికి ధైర్యం, తిరిగి పంపకుండా అడ్డు.

B3 ఇంకా చప్పిడి పోస్టు. 28 నుంచి 36 దాకా ఒక సెట్టుగా మడిచి పేర్చిన ప్యాంట్లు, హోల్‌సేల్ అన్న మాట, అంతే. రీచ్ 640, సేవ్‌లు 11, మెసేజులు ఆరు, ఆర్డర్లు రెండు. మావాడు దాన్ని కొట్టిపారేయబోయాడు. వదిన పెన్సిల్‌తో వాడి చెయ్యి ఆపింది. ఆ రెండు ఆర్డర్లూ బట్టల కొట్లవాళ్లవి, ఒక్కోటి యాభై ప్యాంట్లు.

డబ్బు గడి ఇలా తేలింది. చిల్లరగా అమ్మితే మావాళ్లకు ప్యాంటుకు రెండు వందలు మిగులుతాయి, తిరిగొస్తే కొరియరుకు నూటయాభై పోతాయి. హోల్‌సేల్‌లో ప్యాంటుకు యాభై. B3 ఐదు వేలు తెచ్చింది. B2 మూడువేల నాలుగు వందలు తెచ్చి మూడు వందలు పోగొట్టి, మూడువేల ఒక వంద నిలబెట్టింది. నలభై ఒక్క వేల మందిని ఊపేసిన B1 రెండు వందలు తెచ్చి, నాలుగు వందల యాభై కొరియరుకు, పదిహేను వందలు బూస్టుకు ఇచ్చి, పదిహేడు వందల యాభై నష్టంలో నిలిచింది. బజ్జీల ఖర్చు ఇందులో కలపలేదు.

మావాడు దీనినుంచి నేర్చుకున్న నీతి: "అయితే చిన్నాయనా, రీచ్ తక్కువుంటేనే అమ్ముడవుతాది." నీతులు ఇలాగే పుడతాయి. నిజానికి B3 దసరా ముందు పెట్టింది, కొట్లవాళ్లు సరుకు నింపుకునే వేళ అది. అదే పోస్టును ఆషాఢంలో మళ్లీ పెట్టిస్తే ఒక్క మెసేజు వచ్చింది. అతను అడిగింది ఉద్దర. ఒకసారి గెలిచిందని తీర్పు చెప్పకుండా, వేరే నెలలో మళ్లీ పెట్టి చూడాలి. రెండు ఆర్డర్లకూ మూడు ఆర్డర్లకూ తేడా చూసి జాతకాలు రాయకూడదు.

సేవ్‌ల మీద కూడా మాకు గుడ్డి నమ్మకం లేదు. జేబుమీద వంకర కుట్టు వేసిన కొత్త మోడల్ ఒకటి పెడితే సేవ్‌లు రెండు వందలు దాటాయి, మెసేజులు నాలుగు. ఇదేదో మెల్లగా అమ్ముడయ్యే సరుకని అందరం సంబరపడి కాచుకున్నాం. నెల తిరక్కుండా అదే వంకర కుట్టు పక్క సందులో మిషన్ల మీద కనిపించింది. దాచుకున్నవాళ్లలో చాలామంది మా వీధి కట్టింగ్ మాస్టర్లే అయి ఉండాలి! అప్పటినుంచి సేవ్‌లు విపరీతంగా ఉండి మెసేజులు లేకపోతే, అది కొనేవాళ్ల సేవ్ కాదని వదిన పక్కన ఒక కన్ను బొమ్మ వేస్తుంది. కొత్త కుట్టు సరుకు కొట్లకు చేరాకే పోస్టు పెట్టాలన్నది తోడల్లుడి చట్టం.

మెసేజులకూ ఆర్డర్లకూ మధ్య కూడా ఒక లోయ ఉంది. ఒక పోస్టుకు మెసేజులు డెబ్బై దాటినా ఆర్డర్లు మూడే వచ్చాయి. పోస్టు బాగాలేదని మావాడు ఏడవబోతే, వాట్సాప్‌లో మెసేజుల వేళలు చూశాం. చాలావరకు రాత్రి పది నుంచి పన్నెండు మధ్య వచ్చినవి. మావాడి జవాబులు మర్నాడు పదకొండింటికి వెళ్లినవి. ఆ పొద్దుకు కొనాలన్న వేడి చల్లారి ఉంటుంది. బళ్లారిలో వేడి చల్లారడం అరుదు గానీ, ఈ వేడి చల్లారుతుంది. ధర, సైజు పట్టిక, కొరియరు రోజులు రాసిన ఒక జవాబును ముందే వాట్సాప్ బిజినెస్‌లో దాచి, రాత్రిపూట దానంతటదే పోయేలా పెట్టాం. తర్వాత అదే పోస్టు మళ్లీ పెడితే ఆర్డర్లు పెరిగాయి. మెసేజులు లేకపోతే పోస్టును తిట్టాలి, మెసేజులుండి కొనకపోతే జవాబు చెప్పేవాణ్ణి చూడాలి అని వదిన అప్పుడే తేల్చేసింది. జవాబు చెప్పేవాడు అదే ఇంట్లో ఉండడం ఆమెకు కలిసొచ్చింది.

గళ్లలో ఒక యుద్ధం మిగిలింది. B2 ఆర్డర్లను వదిన మళ్లీ లెక్కపెట్టి, పంతొమ్మిది కావు, పద్దెనిమిది అంది. ఎవరో ఒకడి వరుస మీద గీత పెట్టింది. తొంగి చూశాను. అది నాదే. పోస్టు చూసే, గుర్తు రాసే, 36 సైజు నేనే ఆర్డరిచ్చాను.

"మనోళ్లు లెక్కకు రారు, మొగమాటానికి కొంటారు," అంది.

"మొగమాటం కాదు వదినా, టేపు పెట్టి కొలిచి మరీ కొన్నాను. డబ్బు కూడా పంపించినాను."

ఆమె ఫోన్ తీసి, కళ్లజోడు సర్దుకుని, బ్యాంకు మెసేజులు వెతికింది. వెతికి, గీత చెరిపేసి పంతొమ్మిదే అని రాసి, తోడల్లుడి వైపు తిరిగింది. "చుట్టాలకి డిస్కౌంట్ ఇచ్చినావా?" ఆయన పనున్నట్టు మిషన్ల గదిలోకి వెళ్లిపోయాడు.