ఆవాలు పడే మనిషి గోడు

అయ్యా, నేను మంగళగిరిలో సొంత ఇల్లున్న గృహస్థుణ్ణి. ఇంటిపన్ను బకాయి లేదు. ఎవరి జోలికీ పోను. అలాంటి నాకు మధ్యాహ్నం పన్నెండున్నరకు పడాల్సిన అన్నం రెండు దాటినా పడటం లేదు. కారణం, మా బావమరిది కొడుకు ఇంగ్లీషు.

వాడు హైవే మీద ఒక హోటల్లో సర్వరు. ఉండవల్లి గుహలూ అమరావతి స్తూపమూ చూడవచ్చే విదేశీయులు అప్పుడప్పుడు అక్కడ భోజనానికి ఆగుతారట. వంట ఎలా చేశారని వాళ్లు అడిగితే నీళ్లు నమలకుండా జవాబివ్వడానికి, తేలిక ఇంగ్లీషులో ఒక పట్టీ రాసుకురమ్మని మేనేజరు పురమాయించాడు. వీడు తిన్నగా మా వంటింట్లోకి వచ్చాడు. వాళ్ల అత్త చేతివంట మీద వాడికి గురి. నా ఆకలి మీద లేదు.

మొదట తిరగమోత. దానికి వాడు ‘టెంపరింగ్’ అని రాసుకొచ్చాడు. వంట పుస్తకాల్లో అలాగే ఉంటుంది, నిజమే. కానీ విదేశీయుడికి ఆ మాట వింటే చాక్లెట్ కరిగించి చల్లార్చే పద్ధతి గుర్తొస్తుంది, లేదంటే ఉక్కు. పప్పు ముందు కూర్చున్నవాడికి రెండూ అనవసరం. ఆ మాట కొట్టేసి ‘స్పైసెస్ ఫ్రైడ్ ఇన్ హాట్ ఆయిల్, పోర్డ్ ఓవర్ ద దాల్’ అని రాయించాం. ఇక వడ్డిస్తారనుకున్నాను.

“అత్తా, మరి ఉప్మాకి ముందే వేస్తాం కదా?” అన్నాడు వాడు. అంతే, మా ఆవిడ మళ్లీ మూకుడు ఎక్కించింది. నూనె కాగకముందు ఆవాలు వేస్తే ఏమవుతుందో చూపించింది: అవి చిట్లవు, ఊరికే నూనెలో కూర్చుంటాయి. గింజలోని తేమ ఆవిరై పగిలితేనే చిటపట. ఆవాలు చిట్లాక మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి. కరివేపాకు చివర్న, దూరంగా నిలబడి. మెంతులు నల్లబడితే ఎంత చేదో కూడా చూపించింది. ఆ గరిటెడు నూనె పారబోశారు. నూనె ధర తెలిసిన ఏ గృహస్థుడైనా నా బాధ అర్థం చేసుకోగలడు.

తర్వాత కోడిమాంసం. ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి ఊరబెట్టడం. వాడు దాన్ని ‘పికిల్డ్ చికెన్’ అని రాశాడు. అది చదివినవాడు ఆవకాయ జాడీలో కోడిని ఊహించుకుంటాడు. ‘కెప్ట్ ఇన్ యోగర్ట్ అండ్ స్పైసెస్ బిఫోర్ కుకింగ్’ అంటే చాలు. ఎంతసేపు అని అడిగితే ఏం చెప్పాలి? కోడికి కొన్ని గంటలైనా ఫరవాలేదు, చేపకు అరగంట చాలు. నిమ్మరసంలో చేపను ఎక్కువసేపు వదిలేస్తే పొయ్యి ఎక్కకముందే తెల్లగా గట్టిపడుతుంది.

ఆవిరి దగ్గర వాడు దమ్ బిర్యానీనీ ఇడ్లీనీ ఒకే గాటన కట్టి రెంటికీ ‘స్లో స్టీమింగ్’ అన్నాడు. ఇడ్లీ పది పన్నెండు నిమిషాల్లో దిగుతుంది, అందులో స్లో ఏముంది? పైగా దాని ఆవిరి కింద పోసిన నీళ్లది. దమ్‌లో మూతచుట్టూ పిండి మెత్తి సన్నసెగ మీద ఉంచితే మాంసంలోదీ పెరుగులోదీ తేమే ఆవిరై బియ్యాన్ని ఉడికిస్తుంది. కాబట్టి ఇడ్లీకి ‘స్టీమ్డ్’, బిర్యానీకి ‘కుక్డ్ ఇన్ ఇట్స్ ఓన్ స్టీమ్, సీల్డ్ పాట్’. ఈ తీర్పు మా ఆవిడది. అప్పీలు లేదు.

ఇంతటితో పట్టీ ముగిసి ఉంటే ఈ ఫిర్యాదు రాసేవాణ్ణి కాదు. ఒకరోజు ఒక విదేశీ అతిథి పప్పు ఎలా చేశారని అడగలేదట. “ఇందులో ఆవాలున్నాయా? గోధుమ ఉందా?” అని అడిగాడట. వీడు పట్టీ చూసి ‘స్పైసెస్’ అన్నాడు. ఆయన పప్పు పక్కకు నెట్టి పెరుగన్నం తిని వెళ్లాడు. ఆయన తప్పేం లేదు. ఐరోపాలో తిండిలో ఉంటే తప్పక చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలొకటి, గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు ఇంకొకటి. మనకు తిరగమోతలో గోధుమ ఎక్కడిదంటారా? ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదవండి. మనం కొనే ఇంగువ చాలావరకు మైదాలోనో బియ్యప్పిండిలోనో జిగురుతో కలిపినది. నెయ్యితో తిరగమోత పెడితే పాల పదార్థాలు ముట్టనివాడికి అదీ చెప్పాలి.

అందుకని పట్టీ మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు ప్రతి మాట కింద రెండో వరుస: ‘కంటైన్స్ మస్టర్డ్. మే కంటైన్ వీట్. ఆస్క్ అస్.’ అడిగితే ఆవాలూ ఇంగువా లేకుండా జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చితో వేరే మూకుట్లో వేసిస్తారట. గరిటె కూడా వేరే. ఆ పప్పు ఎలా ఉంటుందో ముందు ఎవరో ఒకరు రుచి చూడాలి కదా!

“మామయ్యా, కాస్త చూసి చెప్పవా?” అని గిన్నె నా ముందు పెట్టాడు. తిరగమోతలో చిటపట లేదు, ఇంగువ ఘాటు లేదు. మామూలు పప్పు ఏదని మా ఆవిడని అడిగాను.

“ఈ వారమంతా ఇదేనండీ,” అంది. “వాడికి కొలత కుదరొద్దూ?”

నాకు ఆవాలు పడతాయి. ఆ సంగతి ఏ వరుసలోనూ రాయలేదు.