మాత్రల మీద తరుగు

ప్రొద్దుటూరుకు బంగారం కొనడానికి వచ్చినవాడు మిల్లీగ్రాము కూడా వదలడు. గాజుపెట్టెలోని కాటా మీద అంకె అటూఇటూ ఊగితే ముందు ఫ్యాను ఆపమంటాడు. ఆ తర్వాత తరుగెంతని అడుగుతాడు. పన్నెండు శాతమని వినబడగానే చెప్పులేసుకుని పక్క అంగడి మెట్లెక్కుతాడు. అదే మనిషి సాయంత్రం ఒళ్లు వెచ్చబడి మందుల అంగడికి పోతే నలభై మూడు శాతం తరుగు కట్టి, "థ్యాంక్సప్పా" అని కూడా చెప్పి వస్తాడు.

నలభై మూడు నేను కల్పించిన అంకె కాదు. జమ్మలమడుగు నుంచి వచ్చిన మా మామకు డాక్టరు సెఫిక్సిమ్ 200 రాశాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులు. రోజుకు రెండు, ఏడు రోజులకు పద్నాలుగు. దీనికి క్యాలిక్యులేటరు అక్కర్లేదు, మామ వేళ్లు చాలు.

"పద్నాలుగు మాత్రలు ఇయ్యి నాయనా."

"షీటుకు పది సార్. రెండు షీట్లు తీసుకోండి."

"రెండు షీట్లంటే ఇరవై కదప్పా, నాకు పద్నాలుగే రాసినాడు."

"కట్ చేసి ఇయ్యము సార్. కత్తెర లేదు."

పద్నాలుగు కావలసిన చోట ఆరు ఎక్కువ. ఆరుని పద్నాలుగుతో భాగించి నూరుతో హెచ్చిస్తే నలభై మూడుకు పిసరు తక్కువ. కంసాలి ఈ మాట అంటే ఊరంతా పోగయ్యేది. తెల్లకోటు వేసుకున్న పిల్లోడు అన్నాడు కాబట్టి మామ జేబులో చెయ్యి పెట్టాడు.

డబ్బు సంగతి సరే. పిల్లోడు అమ్మకంతో పాటు వైద్యం కూడా చేశాడు. "మిగిలినవి కూడా వాడేయండి సార్, షీటు అయిపోతే కోర్సు అయిపోయినట్టే" అన్నాడు. ఈ సిద్ధాంతం నాకు తెగ నచ్చింది. చీటీలో ఏడు రోజులని రాసిన డాక్టరు చదువు ఒక ఎత్తు, షీటులో పది గుంటలు పెట్టిన ప్యాకింగ్ మిషను చదువు ఒక ఎత్తు. ఈ లెక్కన అదే మందు ఆరు మాత్రల షీటులో వస్తే రోగికి మూడు రోజుల్లోనే నయం కావాలి.

ఈ సిద్ధాంతానికి తమ్ముడొకడున్నాడు, వాడు ఇంకా ప్రమాదం. రోజుకు మూడు చొప్పున ఏడు రోజులంటే ఇరవై ఒకటి. పిల్లోడు రెండు షీట్లు చేతిలో పెడతాడు. ఒకటి తక్కువని అడిగితే, "ఒక్క మాత్రకు ఇంకో షీటు ఎందుకు సార్, ఏం కాదు" అంటాడు. ఇందాక నాలుగు మాత్రల కోసం పది కొనిపించిన నోరే ఇది. షీట్లు లెక్కపెట్టేటప్పుడు భాగహారంలో శేషం ఒక్కటి మిగిలినా పై అంకెకే పోవాలి, కిందికి దిగకూడదు. రెండు షీట్లు చాలకపోతే మూడే, లేదా రెండు షీట్లూ ఒక ముక్కా. మనవాళ్లు బేరాన్ని బట్టి పైకీ పోతారు, కిందికీ పోతారు.

అంగడాయన పక్షాన ఒక న్యాయం ఉంది, దాచిపెడితే పాపం. బ్యాచి నంబరూ గడువు తేదీ చాలా షీట్ల మీద ఒకే కొసన ముద్రించి ఉంటాయి. నాలుగు కత్తిరించి మనకిస్తే, ఆ ముద్ర ఏదో ఒక ముక్కకే మిగులుతుంది. ముద్ర మనకొస్తే ఆయన దగ్గరున్న ఆరూ పేరూ ఊరూ లేనివైపోతాయి. ఆయన ఉంచుకుంటే ఆరు నెలల తర్వాత మన డబ్బాలో దొరికే నాలుగు మాత్రల గడువు మనకు తెలియదు. దీనికి మందు కూడా ఎప్పుడో కనిపెట్టారు. ప్రతి గుంట వెనకా తేదీ వేయడం, గుంటల మధ్య చింపుకునే గీత పెట్టడం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో మందుల పరిశ్రమ ముందు ఈ మాట పెట్టింది కూడా. తపాలా బిళ్లల చుట్టూ చిల్లులు పొడిచి నూటడెబ్బై ఏళ్లు దాటింది. మాత్రల దగ్గరికి ఆ చిల్లులు నడిచి వస్తున్నట్టున్నాయి.

షీటును జబ్బుకు తగ్గట్టు చేయడం చేతకాక కాదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే క్షయ మందుల షీటు చూడండి, దానిలో ఇరవై ఎనిమిది మాత్రలు. తొలి దశ యాభై ఆరు రోజులు. యాభై నుంచి అరవై నాలుగు కిలోల మనిషికి రోజుకు నాలుగు మాత్రలు, అంటే వారానికి ఒక షీటు, ఎనిమిది వారాలకు ఎనిమిది షీట్లు. ముక్కా లేదు, మిగులూ లేదు. వారం తిరిగేసరికి షీటులో మాత్రలు కనబడితే, మానేసిన రోజులెన్నో ఆరోగ్య కార్యకర్తకు చూపుతోనే తెలిసిపోతుంది. అమ్ముకునే సరుకు కానప్పుడు షీటుకు ఎంత బుద్ధి వచ్చిందో చూశారా!

గడువున్న జబ్బు సంగతి ఇది. గడువు లేని జబ్బు దగ్గర ఈ పైకెక్కే లెక్క ఇంకో వేషం కడుతుంది. పులివెందులలో ఉండే మా చిన్నమ్మ బీపీకి రోజుకొక మాత్ర వేసుకుంటుంది. ఆమె మందు షీటుకు పద్నాలుగు. నెలకు ముప్పై కావాలి, రెండు షీట్లు చాలవు కాబట్టి మూడు. మొదటి నెల ఈ లెక్క సరైనదే. నెలాఖరుకు పన్నెండు మిగిలాయి. రెండో నెల కూడా అంగడాయన అడగకుండానే మూడు షీట్లు సంచిలో వేశాడు. మూడో నెలా అంతే. చీటీ చూస్తాడే గానీ ఇంట్లో డబ్బా చూడడు కదా.

మిగిలిన పన్నెండునూ తీసేసి చూస్తే రెండో నెలకు కొత్తగా కావలసింది పద్దెనిమిదే. రెండు షీట్లు, అప్పుడు పది మిగులు. మూడో నెలకు ఇరవై, మళ్లీ రెండు షీట్లు, ఎనిమిది మిగులు. అలా నెలకు రెండేసి తగ్గుతూ ఏడో నెలాఖరుకు డబ్బా సున్నా అవుతుంది. ఏడు నెలలకు రెండొందల పది మాత్రలు, సరిగ్గా పదిహేను షీట్లు. చిన్నమ్మ కొన్నది ఇరవై ఒకటి. ఆరు షీట్లు, అంటే ఎనభై నాలుగు మాత్రలు, బిస్కెట్ల డబ్బాలో వడ్డీ లేని డిపాజిట్‌గా పడున్నాయి. ఊరికి పోయేటప్పుడు చేతిలో నాలుగు ఎక్కువుంటే మంచిదే గానీ, ఎనభై నాలుగు మాత్రలతో చిన్నమ్మ ఏ ఊరికి పోవాలి? పైగా కొత్త షీటు పైన పెట్టి, కనబడిందే చింపుతూ వచ్చింది. అడుగున ఉన్నవాటి గడువు ముందే దాటిపోయింది.

సెఫిక్సిమ్ మిగులుకు వచ్చే నెల లెక్కలో జమ కావడం కూడా లేదు. అది షెడ్యూల్ హెచ్-1 మందు. 2014 మార్చి నుంచి ఇలాంటివి అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారన్నది విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. డాక్టరు పద్నాలుగు రాస్తే, ఇచ్చింది ఇరవై అని రాసుకునే పుస్తకం చదవాలని నాకు మహా కోరిక. ఆ ఆరూ మామ ఇంట్లో అటక మీద ఉంటాయి. వచ్చే వానాకాలం మనవడికి జలుబు చేస్తే, ఈ మందుకు లొంగని ఆ జలుబు మీద మూడు ఖర్చవుతాయి. మిగతా మూడు పక్కింటికి పోతాయి. పక్కింటావిడ మా అత్తకు ఇచ్చిన పెరుగు తోడుకు బదులుగా.

ఇంతా అయ్యాక మామ నోటు ఇచ్చాడు. చిల్లర నాలుగు రూపాయలు రావాలి. పిల్లోడు గల్లాపెట్టె గెలికాడు, చిల్లర లేదన్నాడు. బల్ల కింది నుంచి గొంతు బిళ్లల షీటు ఒకటి తీశాడు. సొరుగు లాగి, నిగనిగలాడే కత్తెర బయటికి తీసి, సరిగ్గా రెండు బిళ్లలు కత్తిరించి మామ చేతిలో పెట్టాడు.