బావగారి అనుభవం, అక్క లైసెన్సు

కెనడాలోని ఒంటారియో ప్రభుత్వం కొత్తగా వచ్చి స్థిరపడేవాణ్ని సరిగ్గా 60 రోజులు నమ్ముతుంది. ఆ 60 రోజులూ జేబులో గడువు తీరని ఇండియా లైసెన్సుంటే చాలు, టొరంటో మీదుగా పోయే 401 హైవేలోకి ఒంటరిగా దూరిపోవచ్చు. 61వ రోజు పొద్దున్న లేచేసరికి అదే మనిషికి డ్రైవింగ్ రాదు. రాత పరీక్ష పాసై జీ1 అనే తొలిమెట్టు లైసెన్సు తెచ్చుకున్నా, పక్కన కనీసం నాలుగేళ్ల అనుభవమున్న పూర్తి లైసెన్సుదారు కూర్చోవాలి. 401 లాంటి హైవేలు ఎక్కకూడదు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదు దాకా స్టీరింగ్ ముట్టకూడదు. ఒక్క రాత్రిలో ఇంత విద్య మరిచిపోయేది మన ఎంసెట్ పిల్లలు మాత్రమే అనుకునేవాణ్ని.

జపాన్, కొరియా, జర్మనీ లాంటి కొన్ని దేశాలవాళ్లకు ఈ గొడవ లేదు. పరస్పర ఒప్పందం ఉంది కాబట్టి, తగిన అనుభవం చూపిస్తే పాత కార్డు తీసుకుని కొత్తది ఇచ్చేస్తారు. మనకా ఒప్పందం లేదు. కాబట్టి మనది మార్చుకోవడం కాదు, మళ్లీ రాయడం. కాకపోతే ఒక దయ చూపించారు. పాత అనుభవాన్ని లెక్కలో వేసుకుని, మెట్టుకూ మెట్టుకూ మధ్య నెలల తరబడి ఆగాల్సిన పని తగ్గిస్తారు. 24 నెలలకు పైగా నడిపానని రుజువు చేస్తే జీ1 రాత పరీక్ష తరవాత మధ్యలోని జీ2ను దాటేసి నేరుగా చివరి జీ పరీక్షకే వెళ్లొచ్చు. అది తప్పితేనే కిందికి దిగి జీ2 రాయాలి.

రుజువు అనే మాట దగ్గరే మా బావగారు ఆగిపోయారు.

బావగారు కూకట్‌పల్లి మనిషి. జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీకి ఇరవై ఏళ్లు కారు నడిపిన మనిషి. ఆయన అనుభవం గురించి ఆయనకు గానీ, పక్క బండ్లవాళ్లకు గానీ ఎలాంటి సందేహమూ లేదు. సందేహం ఆయన కార్డుకే వచ్చింది. 2003లో ఖైరతాబాద్‌లో తీసుకున్న లైసెన్సు గడువు తీరితే 2023లో రెన్యువల్ చేయించారు. కొత్త కార్డు మీద ఆ కొత్త తేదీ ఒక్కటే పడింది. ఒంటారియో లైసెన్సు కౌంటర్లో అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి, మీ అనుభవం ఏడాదిన్నర అంది. అందులోనూ అధికారిక ధ్రువపత్రం లేకపోతే సొంత మాట మీద ఒప్పుకునేది 12 నెలలే. అంటే బావగారి ఇరవై రెండేళ్లూ కలిపి ఒక్క ఏడాది.

ఆ ధ్రువపత్రం లైసెన్సిచ్చిన రవాణా శాఖ నుంచి గానీ, మన రాయబార, కాన్సులేట్ కార్యాలయాల నుంచి గానీ రావాలి. రావాలంటే రికార్డు దొరకాలి. 2003 నాటి రికార్డు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, ఇచ్చిన ఆఫీసేమో ఇప్పుడు తెలంగాణది. దేశంలో చాలా రాష్ట్రాలు లైసెన్సుల వివరాలను సారథి అనే కేంద్ర వ్యవస్థలో పెట్టేసినా, తెలంగాణ ఏళ్ల తరబడి తన సొంత వ్యవస్థతోనే నడిచింది. బావగారి తమ్ముడు హైదరాబాద్‌లో సెలవు పెట్టుకుని ఆఫీసుకు వెళ్తే, పాత రిజిస్టర్ చూడాలి, రేపు రండి అన్నారట. రాష్ట్రం విడిపోయినప్పుడు నీళ్లూ ఉద్యోగాలూ ఆస్తులూ ఎలా పంచుకోవాలని ఎన్నో కమిటీలు వేశారు గానీ, బావగారి అనుభవం ఏ రాష్ట్ర ఖాతాలో పడాలో చెప్పినవాళ్లు లేరు.

ఇక అక్క సంగతి. 2006లో విజయవాడలో, పెళ్లికి ముందు, ఏదో ఒక గుర్తింపు కార్డుండాలని నాన్న లైసెన్సు తీయించాడు. ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పిన ఆ ఒక్క పూట తరవాత అక్క స్టీరింగ్ పట్టుకున్నది లేదు. పట్టుకోనిచ్చింది కూడా లేదు. "క్లచ్ పాడు చేస్తావే" అనేది బావగారి స్థిరమైన అభిప్రాయం. ఆ కార్డు ఇన్నేళ్లూ బీరువాలో చీర మడతల మధ్య ఎండ తగలకుండా భద్రంగా ఉంది. రెన్యువల్ అవసరం రాలేదు కాబట్టి తేదీ మారలేదు. రికార్డు ఆన్‌లైన్‌లో ఉంది కాబట్టి ధ్రువపత్రం చకచకా వచ్చేసింది. ఒంటారియో లెక్కలో మా అక్క దాదాపు పంతొమ్మిదేళ్ల అనుభవమున్న డ్రైవరు.

రాత పరీక్ష ఇద్దరూ పాసయ్యారు. నిబంధనలు 20, గుర్తులు 20. రెండింట్లోనూ విడివిడిగా పదహారేసి రావాలి. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. చదివితే వస్తుంది.

రోడ్డు పరీక్షకు కారు మనమే తీసుకెళ్లాలి. లేనివాళ్లు డ్రైవింగ్ స్కూలు కారు అద్దెకు తీసుకుంటారు. బావగారు కారు మాత్రమే తీసుకున్నారు. "నాకు నేర్పేదేముంది?" అన్నారు. అక్క కారుతో పాటు పాఠాలూ తీసుకుంది. జీ పరీక్షలో హైవే ఉంటుంది, జీ1 వాళ్లు హైవే ఎక్కకూడదు. లైసెన్సున్న శిక్షకుడు పక్కనుంటేనే ఆ నిషేధం సడలుతుంది. కాబట్టి పాఠాలు డబ్బు దండగ కాదు, హైవే మీద సాధన చేయడానికి ఆవిడకు దొరికే తిన్నని దారి అదే.

ఏడాది అనుభవమే లెక్కకొచ్చిన బావగారు జీ2 పరీక్ష మొదటిసారి తప్పారు. గుద్దలేదు, హారన్ కొట్టలేదు, అద్భుతంగా నడిపారు. కాకపోతే వరస మారే ప్రతిసారీ అద్దంలో చూశారు. పరీక్షాధికారికి కావలసింది అద్దం కాదు, మెడ. భుజం మీదుగా తల తిప్పి అద్దానికి అందని మూలను చూడాలి, చూసినట్టు ఆయనకు కనపడాలి. కళ్లతో చూస్తే మార్కు లేదు. స్టాప్ గుర్తు దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి. మన బావగారు ఆపలేదు, గౌరవంగా నెమ్మదించారు. ఎర్ర లైటున్నా, వద్దని బోర్డు లేకపోతే, పూర్తిగా ఆగి కుడికి తిరగొచ్చు. ఆ "ఆగి" అన్న ముక్కను ఆయన వినలేదు. కూకట్‌పల్లిలో ఎవరూ రాని చౌరస్తాలో ఆగితే వెనకవాడు దిగొచ్చి ఆరోగ్యం బాగానే ఉందా అని అడుగుతాడు.

అక్కకు పాత అలవాట్లేవీ లేవు. శిక్షకుడు చెప్పింది చెప్పినట్టు మెడ తిప్పింది. హైవేలో కలిసే ర్యాంప్ మీద భయపడి నెమ్మదించడం కొత్తవాళ్లు ఎక్కువగా తప్పే చోటు. అక్కడే వేగం పెంచి ట్రాఫిక్‌తో సమానంగా కలవాలని నేర్పారు, కలిసింది. జీ వచ్చేసింది. ఆ రాత్రి వాళ్లింట్లో భోజనాల దగ్గర పెద్దగా మాటల్లేవు. బావగారు రెండోసారి వెళ్లి జీ2 తెచ్చుకున్నారు, అదీ మెడ పట్టేసేటంతగా తల తిప్పి.

తరవాత కారు. ఇక్కడ పాత కారుకు జాతకం ఉంటుంది. ప్రైవేటుగా అమ్మేవాడు వాడిన వాహన సమాచార పత్రం అని ప్రభుత్వం దగ్గర 20 డాలర్లకు కొని, కొనేవాడికి ఇచ్చి తీరాలి. కారు ఒంటారియోలో ఎవరెవరి చేతులు మారిందో, దాని మీద అప్పు తీరకుండా ఉందో, ఏదైనా ప్రమాదంలో తుక్కయి మళ్లీ అతికించిందో, పన్ను కోసం దాని విలువెంతో అందులో ఉంటాయి. అయితే ఆ జాతకం ఒంటారియో వరకే. క్యూబెక్‌లో వరదలో మునిగి వచ్చిన కారుకు అందులో జలగండం కనపడదు. దానికి వేరే కంపెనీలమ్మే చరిత్ర నివేదిక తీసుకోవాలి.

బావగారు ఒక కరోలా చూశారు. ఫోన్ చేసి, "మీరు ప్రకటనలో పెట్టిన కారు గురించి" అన్నారు. అవతలివాడు "ఏ కారు?" అన్నాడు. అక్కడే ఫోన్ పెట్టేయాలి. సొంత కారు అమ్ముకునేవాడికి ఏ కారో తెలుసు. తెలియనివాడు లైసెన్సు లేకుండా వరసగా కార్లు కొని అమ్మే దొంగ డీలరు. రేపు గేర్‌బాక్సు ఊడితే ఆ నంబరు పలకదు. బావగారు మాత్రం, "ఎన్ని కార్లుంటేనేమోయ్, కలిగినవాడు!" అని సంబరపడి కాఫీ షాపు పార్కింగ్‌లో కలిశారు. పత్రంలో ఉన్న యజమాని పేరు, వాడి లైసెన్సు మీద పేరు ఒకటేనా చూడండి అని నేను పోరితే చూశారు. ఒకటి కాదు.

రెండో కరోలా ఒక టీచరుగారిది. 2014 మోడలు, 9 వేల డాలర్లు. పైన మెరుస్తోంది. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి కారు వయసు పైన కాదు, కింద తెలుస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని తలుపుల కింది అంచు, అడుగు చట్రం చూడాలి. తాజాగా నల్లరంగు కొట్టి ఉంటే దాని కింద ఏముందో అనుమానించాలి. దీనికి అలాంటిదేం లేదు. మెకానిక్ ఇచ్చిన భద్రతా ధ్రువపత్రం కూడా ఉంది. అది 36 రోజులే చెల్లుతుంది. బ్రేకులు, టైర్లు, లైట్లు ఆ రోజుకు బాగున్నాయంటుంది తప్ప, ఇంజిను గురించి పూచీ కాదు. అందుకని వేరే మెకానిక్‌కు చూపించాం.

ఇక బావగారిలో ప్లాట్లు కొన్న హైదరాబాదీ మేల్కొన్నాడు. "బిల్లులో 5 వేలని రాద్దామండీ. పన్ను 13 శాతమేగా, 650తో పోతుంది." టీచరుగారు ఆయన్ని జాలిగా చూసింది. ఆ జాలి ఎందుకో రిజిస్ట్రేషన్ కౌంటర్లో తెలిసింది. మీరు రాసిన ధర, పత్రంలోని విలువ, రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీదే పన్ను. పత్రంలో 9,800 ఉంది. నిజాయితీగా 9 వేలని రాసినా, తెలివిగా 5 వేలని రాసినా కట్టేది 1,274 డాలర్లే. అబద్ధానికి ఇక్కడ ఫలం లేకపోవడం ఆయన్ని చాలా కలవరపెట్టింది.

నంబరు ప్లేట్లు టీచరుగారు విప్పుకుని పట్టుకుపోయింది. ఇక్కడ ప్లేటు కారుది కాదు, మనిషిది. మనకు కొత్త ప్లేటు కావాలంటే ముందు ఇన్సూరెన్సుండాలి. ఏజెంటు ఫోన్‌లో బావగారి వయసడిగాడు. నలభై ఎనిమిది. లైసెన్సెప్పుడొచ్చింది? పోయిన నెల. ఇండియాలో అనుభవం చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. అదీగాక జీ2. అదీగాక బ్రాంప్టన్ అడ్రసు, ప్రీమియాలు మండిపోయే ఊరు. ఏడాదికి 4,200 అన్నాడు. కారు ధరలో సగానికి దగ్గర.

"ఇంట్లో ఇంకెవరికైనా లైసెన్సుందా?" అన్నాడు ఏజెంటు.

అక్క ఫోనందుకుంది. జీ అని చెప్పింది. అవతల కీబోర్డు చప్పుడైంది. ప్రధాన డ్రైవరుగా మేడమ్‌ను పెడితే బాగా తగ్గుతుందన్నాడు. అయితే రోజూ ఎక్కువగా నడిపేది నిజంగా ఆవిడే అయుండాలి, లేకపోతే క్లెయిము కొట్టేస్తారని కూడా చెప్పాడు.

"నిజంగానే నేనే నడుపుతానండీ," అంది అక్క. "మావారు క్లచ్ పాడు చేస్తారు."

ఆటోమేటిక్ కారులో క్లచ్ పెడలే ఉండదని బావగారు అనబోయి, ఏడాదికి ఎంత తగ్గుతుందో లెక్క వేసుకుని ఊరుకున్నారు.